ఆయామం తప్పిన చోట

కడపలో ఇంటర్ విద్యార్థులకు లెక్కలు చెప్పే నేను, ఒకసారి −√3 + i అనే సంకీర్ణ సంఖ్య ఆయామాన్ని tan⁻¹(−1/√3)తో లెక్కగట్టి −30° అని బల్లపై రాసేశాను. tan⁻¹ ఎప్పుడూ −90°, 90° మధ్య విలువనే ఇస్తుంది కనుక, రెండో పాదంలోని బిందువు నాలుగో పాదానికి జారిపోయింది. 180° కలిపితే సరైన ఆయామం 150° వస్తుంది.

అప్పటినుంచి, వచ్చిన మాపం r, ఆయామం θలను r(cos θ + i sin θ)లో తిరిగి పెట్టి, మొదటి సంఖ్యతో పోల్చి చూస్తున్నాను. 2, −30° పెడితే √3 − i వస్తుంది. రెండు గుర్తులూ తిరగబడ్డాయంటే పాదం తప్పినట్లు. −150° పెడితే −√3 − i వస్తుంది. కల్పిత భాగం గుర్తు మాత్రమే మారిందంటే పొరపాటున సంయుగ్మాన్ని తీసుకున్నట్లు. గుర్తులు సరిపోయి, రెండు భాగాలూ ఒకే నిష్పత్తిలో తగ్గితే మాపమే తప్పు. iని కూడా వర్గం చేసి 3 − 1 అనుకుని √2 రాసేవారు ప్రతి ఏడాదీ కనిపిస్తారు.