వాచీ బీపీ, కఫ్ బీపీ ఒకటి కానప్పుడు

సమస్య: విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా వాచీ చూపే పై అంకె 140 దరిదాపుల్లో ఉంటుండగా, అదే సమయంలో దండచేతికి కఫ్ చుట్టి చూసే యంత్రం 124 చూపుతోంది.

ముందుగా మూడు నాలుగు రోజులు, రోజూ ఒకే వేళకు, రెండింటి అంకెలనూ పక్కపక్కన రాసుకోవాలి. ఒకరి పుస్తకంలో వాచీ 141, 138, 143 అని, కఫ్ 124, 121, 127 అని ఉన్నాయనుకుందాం. తేడా 17, 17, 16. అంకెలు మారుతున్నా తేడా మారడం లేదు కనుక, వాచీ మార్పును పట్టుకోగలుగుతోందని, తప్పు దానికి ఇచ్చిన మొదటి అంకెలో ఉందని అనుమానించవచ్చు.

కారణం: వాచీ రక్తపోటును నేరుగా కొలవదు. చర్మంలోకి కాంతిని పంపి, ప్రతి గుండె చప్పుడుకూ అక్కడి రక్తం పెరిగి తగ్గడాన్ని తిరిగివచ్చే కాంతిలో ఒక అలగా చూస్తుంది. రక్తపోటు పెరిగితే ధమని గోడ బిగుసుకుని, నాడి అల వేగంగా ప్రయాణిస్తుంది, దాని ఆకారమూ మారుతుంది. అయితే ఆ అలలో రక్తపోటును చెప్పే పాదరస మిల్లీమీటర్ల లెక్క ఎక్కడా ఉండదు; ధమనుల గట్టిదనం మనిషికీ మనిషికీ వేరు కాబట్టి, ఇంచుమించు ఒకే రకమైన అల ఒకరిలో 120 వద్ద, మరొకరిలో 140 వద్ద కనిపించవచ్చు. అందుకే కఫ్ అంకెను ఆధారంగా ఇచ్చి, అక్కడి నుంచి ఎంత మారిందో అంచనా వేయమంటాము. ఆ ప్రక్రియే కాలిబ్రేషన్. పై ఉదాహరణలో కాలిబ్రేషన్ నాడు వాడిన కఫ్ చేతి లావుకు చిన్నది. చిన్న కఫ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది. ఆ తరువాత సరైన కొలత కఫ్ తెచ్చుకున్నారు గానీ, వాచీలో పాత అంకే మిగిలిపోయింది.

పరిష్కారం: సరైన కఫ్‌తో మళ్ళీ కాలిబ్రేట్ చేయాలి. ఐదు నిమిషాలు వీపు ఆనించి మాట్లాడకుండా కూర్చుని, కఫ్‌ను గుండె ఎత్తులో ఉంచి, వాచీని రెండో చేతికి పెట్టుకుని, యాప్ అడిగినన్ని సార్లు, సాధారణంగా మూడు సార్లు, కొలిచి ఆ అంకెలను నమోదు చేయాలి. శాంసంగ్ వాచీలు దీన్ని ప్రతి 28 రోజులకూ మళ్ళీ అడుగుతాయి. అది విసుగనిపించినా దాటవేయదగినది కాదు.

సమస్య: తేడా ఒక రోజు 4, మరో రోజు 20.

ఇది కాలిబ్రేషన్‌తో పోయే తప్పు కాదు. వదులు పట్టీ, చల్లబడిన చేయి, కదలిక, మణికట్టు ఎత్తు వీటిలో ఏదో ఒకటి అలను చెరుపుతోంది. మణికట్టు గుండెకు 10 సెంటీమీటర్లు దిగువన ఉంటే అక్కడి ధమనిలో ఒత్తిడి సుమారు 7 నుంచి 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది కనుక, చేతిని ప్రతిసారీ ఒకే ఎత్తులో బల్లపై ఆనించాలి.

సమస్య: కొత్త బీపీ మందు మొదలుపెట్టాక కఫ్ అంకె 148 నుంచి 128కి దిగినా, వాచీ 145 వద్దే ఆగిపోయింది.

రక్తనాళాలను సడలించే మందు వాడినప్పుడు అలకూ ఒత్తిడికీ మధ్య ఉన్న పాత సంబంధమే మారిపోతుంది. మోతాదు స్థిరపడ్డాక మళ్ళీ కాలిబ్రేట్ చేయాలి. అంతవరకు వైద్యునికి చూపవలసినవి కఫ్ అంకెలే. వాచీ అంకెను చూసి మందును పెంచడం గానీ మానడం గానీ చేయకూడదు.