నాలుగు మాటల్లో పని: పాఠం 3 – "కొంచెం లూజు చెయ్యండి"

ముందు పోయిన పాఠం చివర ఇచ్చిన అభ్యాసం సంగతి చూద్దాం. మంగలి కుర్చీలో కూర్చుని "పక్కలు అర అంగుళం చెయ్యండి" అంటే ఏం జరుగుతుంది అని అడిగాను. జవాబు: రెండింటిలో ఏదైనా జరగొచ్చు. అర అంగుళం తీసేయొచ్చు, అర అంగుళమే ఉంచి మిగతాదంతా తీసేయొచ్చు. రెండు అంగుళాల జుట్టు మీద ఈ తేడా చిన్నది కాదు. అందుకే "తీయండి" అనో "ఉంచండి" అనో మాట తప్పకుండా రావాలి. మిషన్ పెట్టిస్తుంటే నంబరు చెప్పడం ఇంకా సుఖం. "పక్కలకి మూడో నంబరు, పైన కత్తెరతో కొసలు మాత్రమే" అంటే సందేహానికి చోటు లేదు. ఒక్కో నంబరుకి సుమారు 3 మిల్లీమీటర్ల పొడవు మిగులుతుందని చెప్పుకున్నాం కదా, మూడో నంబరంటే సెంటీమీటరుకి కాస్త అటూ ఇటూ. ధైర్యం చాలకపోతే నాలుగుతో మొదలుపెట్టించి, అద్దంలో చూసుకుని మూడుకి దిగండి. అది గుర్తుంచుకుని ఇవాళ టైలర్ దగ్గరకి వెళ్దాం.

ఈ పాఠానికి ఒక్కటే వాక్యం: "కొంచెం లూజు చెయ్యండి." ఒక్కటే బట్ట: చొక్కా. ఒక్కటే చోటు: పొట్ట.

నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. కుట్టించుకున్న చొక్కా ఒకటి కూర్చుంటే పొట్ట దగ్గర బిగుతుగా ఉండేది. "ఒక అంగుళం లూజు చెయ్యండి" అని ఇచ్చి వచ్చాను. నా లెక్కలో చొక్కా చుట్టుకొలత ఒక అంగుళం పెరగాలి. ఆయన లెక్కలో ఒక్కో పక్క ఒక అంగుళం. రెండు పక్కలూ కలిపి చుట్టూ రెండు అంగుళాలు పెరిగి, చొక్కా నా మీద గాలికి ఊగే సంచీలా తయారైంది. ఆయన తప్పు చేయలేదు. ఆయన పట్టుకుని విప్పేది పక్క కుట్టు, కాబట్టి ఆయనకి అంగుళమంటే ఆ కుట్టు దగ్గర వచ్చే అంగుళమే.

అసలు చిక్కు ఇక్కడుంది. చొక్కాకి పక్క కుట్లు రెండు. ఒక్కో కుట్టులో ముందు గుడ్డ అంచు ఒకటి, వెనక గుడ్డ అంచు ఒకటి కలుస్తాయి. అంటే మొత్తం నాలుగు అంచులు. కుట్టు గీతని బయటికి పావు అంగుళం జరిపితే నాలుగు అంచుల్లోనూ పావు చొప్పున బయటికొస్తుంది, చుట్టూ అంగుళం పెరుగుతుంది. అర అంగుళం జరిపితే రెండు అంగుళాలు. అదే గీతని ఒక అంగుళం జరిపితే ఏకంగా నాలుగు. కాబట్టి "అంగుళం" అనే ఒక్క మాటకి వినేవాళ్లని బట్టి మూడు అర్థాలున్నాయి: చుట్టూ ఒకటి, పక్కకి ఒకటి, గీత జరిపేది ఒకటి. చివరిది అరుదు, చెయ్యి తిరిగిన టైలర్ ఎవరూ అలా అనుకోరు. మొదటి రెండిటి మధ్యే తగాదాలన్నీ.

ఇంట్లో చొక్కాని మంచం మీద పరిచి కొలిచేవాళ్లకి ఇంకో పొరపాటు కాచుకుని ఉంటుంది. పరిచి ఈ పక్క నుంచి ఆ పక్కకి కొలిస్తే వచ్చేది చుట్టుకొలతలో సగం. నచ్చిన పాత చొక్కా 21 అంగుళాలు, బిగుతుగా ఉన్నది 20 వచ్చిందనుకోండి. తేడా ఒకటే కనిపిస్తుంది గానీ ఒంటి మీద అది రెండు.

అందుకని వాక్యాన్ని ఇలా అనండి: "పొట్ట దగ్గర చుట్టూ మొత్తం మీద రెండు అంగుళాలు లూజు కావాలండీ, పక్కకి ఒకటి చొప్పున." రెండు కొలతలూ ఒకే ఊపిరిలో చెప్తే ఒకదాన్ని ఇంకొకటి సరిచూస్తుంది. పొరపాటున "చుట్టూ రెండు, పక్కకి రెండు" అన్నారనుకోండి, టైలరే ఆగి "ఏదండీ?" అని అడుగుతారు. అన్నట్టు, కాగితం మీద మనం "వదులు" అని రాసుకుంటాం గానీ షాపులో "లూజు" అనే అనండి, అక్కడ నడిచే మాట అదే.

మరి ఎంత కావాలో తెలిసేదెలా? దీనికి టేపు ఒక్కటి చాలు. చొక్కా తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకుని కుర్చీలో కూర్చోండి. నిలబడి చూసుకోవద్దు, పొట్ట తన అసలు కొలత చూపించేది కూర్చున్నప్పుడే. గుండీ దగ్గర్నుంచి రెండు వైపులా అడ్డంగా ముడతలు సాగుతుంటే అక్కడ గుడ్డ చాలడం లేదని అర్థం. ఆ గుండీ ఒక్కటీ విప్పేయండి. ఊపిరి బిగబట్టకండి, మామూలుగా వదలండి. పట్టీలు రెండూ దూరం జరుగుతాయి. వాటిని లాగకుండా, గుండీకీ దాని కాజాకీ మధ్య ఎంత దూరం ఉందో కొలవండి.

నా ఇంకో చొక్కాకి అది సరిగ్గా అంగుళం వచ్చింది. అంటే గుండీ పట్టడానికే అంగుళం కావాలి. కేవలం పడితే చాలదు, భోజనం చేశాక కూడా కదలాలి కదా, ఇంకో అంగుళం కలిపాను. మొత్తం రెండు. రెండు పక్కలకి పంచితే ఒకటి చొప్పున. ఒక్కో పక్కలో అంచులు రెండు, కాబట్టి కుట్టు గీత జరగాల్సింది అర అంగుళం. ఇప్పుడు చొక్కా తిరగేసి పక్క కుట్టు చూడాలి. కుట్టు గీత నుంచి గుడ్డ అంచు దాకా ఎంత ఉంది? గీత అర అంగుళం జరగాలి, జరిగాక కూడా అవతల కనీసం పావు అంగుళం మిగలాలి. అది మిగలకపోతే నాలుగు ఉతుకులకి పోగులు ఊడి కుట్టే జారిపోతుంది. అంటే ముప్పావు అంగుళం గుడ్డ ఉంటేనే ఈ పని జరుగుతుంది. నాది కుట్టించిన చొక్కా కాబట్టి అంగుళం దాకా ఉంది. పని సుఖంగా అయింది.

రెడీమేడ్ చొక్కాలో ఇంత అదృష్టం ఉండదు. పక్క కుట్టుని పైనుంచి చూడండి. పక్కపక్కనే రెండు కుట్టు గీతలు కనిపిస్తుంటే లోపల గుడ్డని మడిచి మీద మళ్లీ కుట్టారన్నమాట. దాన్ని విప్పినా దొరికేది అతి కొంచెం. అప్పుడు టైలర్ "లోపల గుడ్డ లేదండీ" అంటే అది పని తప్పించుకోవడం కాదు, నిజమే. అప్పుడు చొక్కా వెనక్కి తిప్పి చూడండి. ఒంటికి పట్టినట్టు ఉండే చొక్కాలకి వీపు కింది భాగంలో నిలువుగా రెండు డాట్లు, అంటే గుడ్డని లోపలికి మడిచి కుట్టిన మడతలు, ఉంటాయి. ఒక్కో డాటు మధ్యలో అర అంగుళం లోతు ఉంటే అది అంగుళం గుడ్డని మింగేస్తుంది, రెండూ విప్పితే నడుము దగ్గర రెండు అంగుళాలు తిరిగొస్తాయి. పక్క కుట్టు ముట్టుకోనక్కర్లేదు. ఇది అడిగేవాళ్లు తక్కువ, చేసే పని చిన్నది. వాక్యం: "వెనక డాట్లు విప్పేయండి, పక్కలు అలాగే ఉంచండి." డాట్లు కూడా లేకపోతే పక్కన గుడ్డ ముక్క అతకడం ఒక్కటే దారి. చొక్కా మీద మరీ ప్రేమ ఉంటే తప్ప నేనైతే ఆ జోలికి పోను.

విప్పించే ముందు ఇంకో సంగతి. బాగా ఉతికిన బట్టకి కుట్టు లోపల దాక్కున్న గుడ్డ రంగు వెలవదు. విప్పగానే ముదురు రంగు గీత ఒకటి బయటపడుతుంది. తెల్ల చొక్కాకి బాధ లేదు, ముదురు నీలానికి ఉంది. పాత సూది రంధ్రాలు మామూలు నూలు గుడ్డలో ఉతికి ఇస్త్రీ చేస్తే చాలావరకు పూడుకుంటాయి, పట్టులో మాత్రం మిగిలిపోతాయి. పట్టు చొక్కా అయితే ముందే ఒక అంగుళం మేర కుట్టు విప్పించి చూసుకోండి.

ఇక అసలు లూజు చేయాల్సింది పక్కలేనా అన్న ప్రశ్న. చేతులు పైకెత్తితే చొక్కా మొత్తం పైకి లేచి, చంకలో పట్టేస్తోందా? అయితే పొట్ట దగ్గర ఎంత లూజు చేయించినా ఫలితం ఉండదు. అలాంటప్పుడు చాలామంది "చంక కిందికి దింపండి" అంటారు. దింపితే బిగుతు పోయినట్టే ఉంటుంది, చెయ్యి దించుకుని ఉన్నంతసేపూ. ఎత్తితే మాత్రం మునుపటికన్నా ఎక్కువగా పక్కలు పైకి వస్తాయి, ఎందుకంటే చెయ్యి చొక్కాకి ఇప్పుడు ఇంకా కింద అతికి ఉంది. అక్కడ మీరు కొలత చెప్పకండి. ఇబ్బంది చెప్పండి, చెయ్యి ఎత్తి చూపించండి. మిగతాది ఆయన చూసుకుంటారు.

ఇదంతా షాపులో పలికితే ఇంతే ఉంటుంది:

"మాస్టారూ, ఇది పొట్ట దగ్గర పట్టేస్తోంది. చుట్టూ రెండు అంగుళాలు లూజు కావాలి, పక్కకి ఒకటి."

"పైనుంచీ చెయ్యనా, పొట్ట దగ్గరేనా?"

"ఛాతీ దగ్గర బాగానే ఉంది, అక్కడ ముట్టుకోవద్దు. దాని కింద నుంచి మెల్లగా పెంచుకుంటూ రండి."

"సరే. లోపల గుడ్డ ఉందో లేదో చూస్తాను… ఉంది లెండి. కుట్టు గీత కనిపిస్తుంది సార్, కొన్నాళ్లు."

"పర్లేదు. మిగిలిన గుడ్డ మాత్రం కత్తిరించకండి."

ఆ చివరి మాట లూజు చేయించినప్పటికన్నా టైటు చేయించినప్పుడు ఎక్కువ అవసరం. టైటు చేశాక లోపల మిగిలిన గుడ్డని నీటుగా ఉంటుందని కత్తిరించేవాళ్లున్నారు. కత్తిరించారా, ఇక ఆ చొక్కా వెనక్కి రాదు. ఉంచితే ఎప్పుడు కావాలన్నా పాత కొలతకి విప్పుకోవచ్చు.

ఈ వారం అభ్యాసం. కింది మూడు మాటల్లో ఏది టైలర్‌ని తికమక పెడుతుంది, ఎందుకు? సరిచేసి రాసుకోండి. "నడుము అంగుళం తగ్గించండి." "చేతులు రెండు అంగుళాలు చెయ్యండి." "వెనక డాట్లు విప్పండి, పక్కలు అలాగే ఉంచండి." ఒకటి బాగానే ఉంది, ఏదో కనిపెట్టండి. వచ్చే పాఠంలో ప్యాంటు. ప్యాంటు నడుముని చాలామంది టైలర్లు వెనక మధ్య కుట్టు దగ్గరే పెంచుతారు, అంటే నాలుగు అంచుల లెక్క అక్కడ పనిచేయదు. ఎన్ని అంచులో ఈలోగా మీ ప్యాంటు తిరగేసి చూసి పెట్టుకోండి.