అమెరికాలో మారిన కళ్లద్దాల చీటీ

హైదరాబాదు చీటీలో నా కుడికంటి స్ఫియరు అనే ప్రధాన పవరు −2.00, ఒక దిశలో మాత్రమే పనిచేసే సిలిండరు పవరు −1.00, ఆ సిలిండరు కోణం చెప్పే యాక్సిస్ 180 కాగా, చదువుకోసం అమెరికా వచ్చాక కంటి డాక్టరు −3.00, +1.00, 90 అని రాసిచ్చారు. చూపు ఒక్కసారిగా తగ్గిందేమోనని కంగారుపడ్డాను. నిజానికి రెండూ ఒకటే. ఇక్కడి కంటి డాక్టర్లు చాలామంది సిలిండరును ప్లస్‌లో రాస్తారు.

స్ఫియరుకు సిలిండరును కలిపి (−3.00 + 1.00 = −2.00), సిలిండరు గుర్తును తిప్పి, యాక్సిస్‌కు 90 కలిపితే (మొత్తం 180 దాటేట్టయితే కలపడానికి బదులు 90 తీసివేస్తే) పాత అంకెలే వచ్చాయి. ఆన్‌లైన్ ఆర్డరులో ప్లస్‌ను పొరపాటున మైనస్‌గా నింపి ఉంటే, అద్దం ఒక దిశలో ఏకంగా 2 డయాప్టర్లు తేడాగా వచ్చేది. కనుపాపల మధ్య దూరం చీటీలో లేకపోవడంతో దాన్ని విడిగా అడిగి కొలిపించుకున్నాను.