ఒకే సెట్‌టాప్ బాక్స్‌తో రెండు గదుల్లో టీవీ చూడటం ఎలా?

మా నాయనకు మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక హాల్లోకి వచ్చి కూర్చోవడం కష్టమైంది. ఇంట్లో పాత 24 అంగుళాల టీవీ ఒకటి ఉంటే ఆయన గదిలో బిగించాం. హాల్లో 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీ, దాని కింద సెట్‌టాప్ బాక్స్ ఉన్నాయి. ఆ బాక్స్ నుంచే ఆయన గదికీ బొమ్మ ఇవ్వాలనుకున్నాం. మాది కర్నూలు పాతబస్తీలో పాత మిద్దె ఇల్లు, రాతి గోడలు దాదాపు రెండడుగుల మందం ఉంటాయి. ఏ పద్ధతి పనికొస్తుందో చివరికి తేల్చింది ఆ గోడలే.

ముందు ఇది తేల్చుకోండి

ఒక బాక్స్ నుంచి ఒకసారి ఒక చానల్ బొమ్మే బయటికి వస్తుంది. హాల్లో సీరియల్ పెడితే లోపలి గదిలోనూ అదే సీరియల్. ఒకరికి వార్తలు, ఒకరికి క్రికెట్ కావాలంటే రెండో బాక్స్ తీసుకోవడం తప్ప దారి లేదు. మా ఇంట్లో సాయంత్రం అందరూ ఒకే వార్తలు చూస్తారు కాబట్టి ఇబ్బంది లేకపోయింది.

స్ప్లిటర్ కొనేటప్పుడు చాలామంది పొరపాటు పడతారు. కేబుల్ వాళ్లు వైరును రెండుగా చీల్చడానికి వాడే చిన్న ఇనుప డబ్బా ఇక్కడ పనికిరాదు. అది బాక్స్‌కు ముందు ఉండే సిగ్నల్‌ను చీలుస్తుంది. ఆ సిగ్నల్‌కు తాళం వేసి ఉంటుంది, తీసేది బాక్స్ మాత్రమే. మనకు కావాల్సింది బాక్స్ తర్వాత పెట్టే హెచ్‌డీఎంఐ స్ప్లిటర్. దానికి లోపలికి ఒక దారి, బయటికి రెండు దారులు, ఒక చిన్న అడాప్టర్ ఉంటాయి. చూడటానికి అలాగే ఉండే హెచ్‌డీఎంఐ స్విచ్ దీనికి తిరగేసిన వస్తువు. రెండు బాక్సులను ఒక టీవీకి కలుపుతుంది. షాపులో "ఒక బాక్స్, రెండు టీవీలు" అని విడమరిచి అడగండి.

మొదట ఏవీ వైరుతో చూశాం

చాలా బాక్సుల వెనక హెచ్‌డీఎంఐతో పాటు పసుపు, ఎరుపు, తెలుపు ఏవీ పిన్నులు గానీ, వాటి బదులు ఒక చిన్న రంధ్రం గానీ ఉంటుంది. చాలా బాక్సుల్లో రెండూ ఒకేసారి పనిచేస్తాయి. అలాగైతే స్ప్లిటర్ కూడా అక్కర్లేదు, హాల్ టీవీ బొమ్మ చెక్కుచెదరదు. ఖర్చు వైరు వరకే.

కానీ ఏవీలో వచ్చేది 576 గీతల పాత రకం బొమ్మ. సినిమా చూడటానికి ఫరవాలేదు. వార్తల్లో కింద పరుగెత్తే అక్షరాల దగ్గరే చిక్కు. తెలుగులో ఒత్తులు, గుడులు చిన్నవి కదా, అవి అలుక్కుపోయాయి. నాయన టీవీలో ముఖ్యంగా చదివేది ఆ స్క్రోలింగే. అందుకే ఏవీ వద్దనుకున్నాం. మీరు ఇదే వాడేటట్లయితే పసుపు పిన్నుకు సన్న వైరు కాకుండా కేబుల్ టీవీకి వాడే లావు వైరు లాగించండి. బొమ్మ మీద అడ్డ పట్టీలు మెల్లగా పైకి కదులుతుంటే, రెండు టీవీల ఎర్తింగ్‌లో తేడా ఉందేమో చూపించుకోవాలి.

హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ బిగించడం

దూరం కొలిచేటప్పుడు నేరుగా కొలవొద్దు. వైరు గోడ పైకెక్కి, వెంటిలేటర్ దాటి, మళ్లీ కిందికి దిగాలి. మాకు గదుల మధ్య ఐదు మీటర్లే అయినా వైరు పది మీటర్లు పట్టింది. రాతి గోడకు రంధ్రం వేయించే బదులు వెంటిలేటర్ వాడుకున్నాం. మీరు రంధ్రమే వేయిస్తే వైరు లావు కాదు, దాని తల వెడల్పు చూడాలి. ఒక అంగుళం రంధ్రం ఉంటే సులువుగా పడుతుంది.

బాక్స్ నుంచి స్ప్లిటర్‌కు చిన్న వైరు, స్ప్లిటర్ నుంచి దూరం టీవీకి పొడవు వైరు పెట్టండి. పది మీటర్ల వరకు మంచి లావు వైరు సాధారణంగా సరిపోతుంది. పదిహేను దాటితే ఇంటర్నెట్‌కు వాడే క్యాట్ 6 వైరు మీద నడిచే ఎక్స్‌టెండర్ నయం. వైరు చాలకపోతే మొదట బొమ్మలో తెల్ల చుక్కలు మిణుకుమంటాయి, ఆ తర్వాత తెర నల్లబడి వస్తూ పోతూ ఉంటుంది.

అన్నీ కలిపాక రెండు టీవీలు, స్ప్లిటర్, చివరగా బాక్స్, ఈ వరసలో ఆన్ చేయండి. మాకు రెండు చోట్లా బొమ్మ వచ్చింది గానీ, హాల్ టీవీలో పదును తగ్గినట్టు అనిపించింది. రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కితే `720p` అని చూపించింది. అంతకుముందు `1080p` ఉండేది.

కారణం ఇది. ప్రతి టీవీ తాను ఏయే బొమ్మలు తీసుకోగలదో ఒక పట్టిక ఇస్తుంది. స్ప్లిటర్ రెండు పట్టికలూ చూసి, ఇద్దరికీ కుదిరేదాన్ని బాక్స్‌కు చెబుతుంది. పాత టీవీ హెచ్‌డీ రెడీ రకం, `1080p` తీసుకోదు. దాంతో పెద్ద టీవీ కూడా దిగిపోయింది. దీనికి మందు మాత్రం బాక్స్ సెట్టింగుల్లోనే దొరికింది. అక్కడ రిజల్యూషన్‌ను ఆటో నుంచి మార్చి `1080i` పెట్టాను. హెచ్‌డీ రెడీ టీవీలు చాలావరకు దీన్ని తీసుకుని తమ తెరకు తగ్గించుకుంటాయి. మన హెచ్‌డీ చానళ్లు ఎక్కువగా వచ్చేదీ ఈ రూపంలోనే కాబట్టి పెద్ద టీవీకి పెద్దగా నష్టం లేదు.

శబ్దానికీ ఇదే గొడవ. కొన్ని చానళ్లలో నాయన టీవీకి బొమ్మ వచ్చి మాట రాలేదు. ఆడియో `Dolby Digital` నుంచి `PCM`కు మార్చగానే వచ్చింది. హాల్లో హోమ్ థియేటర్ ఉన్నవాళ్లు ఇక్కడ 5.1 శబ్దం వదులుకోవాల్సి వస్తుంది. ఒక టీవీ ఆన్ చేసినప్పుడు రెండోదాంట్లో రెండు మూడు సెకన్లు బొమ్మ పోయి వస్తే కంగారు పడొద్దు, కాపీ రక్షణ తనిఖీ మళ్లీ జరుగుతోందని అర్థం.

వైర్‌లెస్ సంగతి

వైరు వేలాడకూడదని వైర్‌లెస్ హెచ్‌డీఎంఐ సెట్ కూడా స్నేహితుడి దగ్గర తెచ్చి చూశాం. పెట్టె మీద ముప్పై మీటర్లు అని ఉంది. అది మధ్యలో అడ్డు లేనప్పటి లెక్క. ఇవి ఎక్కువగా 5 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి, మందపాటి రాయిని దాటడం వాటికి కష్టం. తలుపు తీసి ఉంటే బొమ్మ బాగుంది. తలుపు మూస్తే గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోయింది. సన్న ఇటుక గోడల ఫ్లాట్‌లో ఇదే సెట్ నడవచ్చు. అందుకే కొనేముందు తలుపులు మూసి, వైఫై ఆన్‌లో ఉంచి ఒక గంట చూడండి. తిరిగి ఇచ్చే వీలున్న చోటే కొనండి.

ఇంకొకటి ఆలస్యం. బొమ్మను కుదించి పంపి అక్కడ విప్పాలి కాబట్టి రెండో టీవీ కాస్త వెనకబడుతుంది. అది సెకనులో చిన్న భాగమే. ఒక్క టీవీ చూసేవాళ్లకు తెలియదు. పక్కపక్క గదుల్లో రెండూ మోగితే తెలుస్తుంది. "మాట రెండుసార్లు వినపడతాంది రా" అన్నాడు నాయన. హాల్లో సౌండ్ తగ్గిస్తే తప్ప ఆ ప్రతిధ్వని పోలేదు. వైరులో ఆ బాధ లేదు.

రిమోట్

వైర్‌లెస్ సెట్లలో చాలావాటికి రిమోట్ సిగ్నల్‌ను వెనక్కి పంపే చిన్న కన్ను వస్తుంది. స్ప్లిటర్‌తో అది రాలేదు, విడిగా వైరు ఉన్న ఐఆర్ ఎక్స్‌టెండర్ కొని హెచ్‌డీఎంఐ వెంటే లాగాను. ఒక కొన నాయన టీవీ కింద, రెండో కొన బాక్స్ ముందు రిమోట్ కన్నుకు ఎదురుగా అంటించాలి. వేలెడు పక్కకు పోయినా పనిచేయదు. బాక్స్ కన్ను ఎక్కడుందో తెలియకపోతే చీకట్లో టార్చి వేసి చూడండి, నల్ల అద్దం వెనక గుండ్రంగా కనిపిస్తుంది.