పాత క్లయింట్లకు ఫీజు పెంపు ఉత్తరం

జీఎస్టీ రిటర్నులకు నెలకు 2,000 ఇస్తున్న పాత క్లయింటుకి ఏప్రిల్ 1 నుంచి 2,400 చేయాలంటే ఉత్తరం ఫిబ్రవరి మొదట్లోనే వెళ్లాలి. మార్చి నెలాఖరులో పంపితే, వేరేవాళ్లని చూసుకునే వ్యవధి ఉండదు. మెడ మీద కత్తి పెట్టారనుకుంటారు.

"ఖర్చులు పెరిగాయి" అని రాస్తే బేరానికి పిలిచినట్టే. ఆ క్లయింటు పనిలో పెరిగిందేంటో చెప్పండి: అప్పట్లో నెలకు 40 బిల్లులు, ఇప్పుడు 110, మూడేళ్లుగా ఫీజు మాత్రం అదే.

పాత రేటు, కొత్త రేటు, తేదీ ఒకే వాక్యంలో పెట్టి, జీఎస్టీ అదనమో కాదో అక్కడే తేల్చేయండి. మార్చి నెల రిటర్ను వేసేది ఏప్రిల్‌లో కాబట్టి, దానికి పాత రేటేనని విడిగా రాయాలి. గొడవలొచ్చేది ఎక్కువగా ఇక్కడే. ముందే కట్టిన అడ్వాన్సుకీ పాత రేటే. ఉత్తరం చేరేలోపు ఒక ఫోన్ కూడా చేయండి.