ఉప్పు నీటిలో బేరియం సల్ఫేట్ ఎంత కరుగుతుందో లెక్కించడం ఎలా?

బేరియం సల్ఫేట్ నీటిలో దాదాపు కరగదు. కానీ ఆ నీటిలో కాస్త పొటాషియం నైట్రేట్ వేస్తే, రెండింటికీ ఉమ్మడి అయాన్ లేకపోయినా, అది ఇంకొంచెం ఎక్కువగా కరుగుతుంది. ఎంత ఎక్కువగా అన్నది 1923లో డెబై, హకెల్ ఇచ్చిన అవధి సూత్రంతో కాగితం మీదే తేల్చవచ్చు. ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్, పొటాషియం నైట్రేట్ గాఢత లీటరుకు 0.001 మోల్ అనుకుందాం.

మొదట అయానిక బలం కట్టాలి. ప్రతి అయాన్ గాఢతను దాని ఆవేశపు వర్గంతో గుణించి, అన్నీ కూడి, సగం చేయాలి.

I = ½ Σ c z²

పొటాషియం, నైట్రేట్‌ల ఆవేశ పరిమాణం 1 కనుక I = 0.001. కరిగిన బేరియం సల్ఫేట్ అయాన్లు దీనికి 0.00005 మేర కలుపుతాయి. కాబట్టి I = 0.00105, దాని వర్గమూలం 0.0324.

తర్వాత సగటు క్రియాశీలతా గుణకం γ, అంటే గాఢతలో ఎంత వంతు నిజంగా ప్రభావం చూపుతుందో చెప్పే సంఖ్య:

log γ = −0.509 |z₊ z₋| √I

ఇక్కడ ఎక్కువమంది తడబడతారు. z విలువలు కరిగే లవణానివి, అంటే బేరియం, సల్ఫేట్‌లవి. పొటాషియం, నైట్రేట్‌లవి కావు. లబ్ధం 2 × 2 = 4. సంవర్గమానం పది ఆధారంగా తీసుకోవాలి. log γ = −0.066, γ = 0.86 వస్తుంది.

ఇక ద్రావణీయత s, లీటరుకు మోల్‌లలో. ద్రావణీయతా లబ్ధం 1.1 × 10⁻¹⁰ నిజానికి గాఢతల లబ్ధం కాదు, క్రియాశీలతల లబ్ధం. అందుకే Ksp = s²γ², s = √Ksp / γ.

√Ksp = 1.05 × 10⁻⁵. దీన్ని 0.86తో భాగిస్తే s = 1.22 × 10⁻⁵. శుద్ధ జలంలో కూడా γ సరిగ్గా 1 కాదు. సొంత అయాన్ల వల్లే 0.97కి దిగుతుంది, కనుక అక్కడ s = 1.08 × 10⁻⁵. అంటే పెరుగుదల సుమారు 13 శాతం. ఇదే ఉప్పు నీటిలో సిల్వర్ క్లోరైడ్‌కు నాలుగు శాతం లోపే, ఎందుకంటే దాని ఆవేశాల లబ్ధం 1.

కారణం స్పష్టమే. బేరియం అయాన్ చుట్టూ నైట్రేట్లు, సల్ఫేట్ చుట్టూ పొటాషియం అయాన్లు కొంచెం ఎక్కువగా చేరి, ఆ రెండింటి మధ్య ఆకర్షణను మరుగుపరుస్తాయి. అవి మళ్లీ కలిసి అవక్షేపం కావడం తగ్గుతుంది.

పొటాషియం నైట్రేట్‌ను 0.01కి పెంచితే మాత్రం జాగ్రత్త. అవధి సూత్రం s = 1.68 × 10⁻⁵ అంటుంది. కుడివైపును 1 + √Iతో భాగించే విస్తృత రూపం 1.61 × 10⁻⁵ దగ్గర ఆగుతుంది. రెండు జవాబులు ఇలా విడిపోతే అవధి సూత్రం పరిధి దాటినట్టే; ద్విసంయోజక అయాన్లకు అది త్వరగా దాటుతుంది. అప్పుడు రెండో విలువనే నమ్మడం మేలు.

నైట్రేట్‌కు బదులు పొటాషియం సల్ఫేట్ వేస్తే ఈ లెక్క చెల్లదు. అక్కడ ఉమ్మడి అయాన్ ప్రభావం ముందుకొచ్చి ద్రావణీయతను ఎన్నో రెట్లు తగ్గిస్తుంది. γ వల్ల కలిగే పెరుగుదల దాని ముందు చాలా చిన్నది.