పండగ రద్దీకి ముందు షిఫ్టుల రోస్టర్: ఆఫ్‌లు వాయిదా వేయకండి, ముందే ఇచ్చేయండి

పండగ దగ్గర పడగానే చాలా షాపుల్లో ఓనర్ చెప్పే మాట ఒకటే, "ఈ వారం ఎవరికీ ఆఫ్ లేదు, పండగ అయ్యాక తీసుకోండి." చెప్పడం తేలికే. కానీ ఆ మాట అన్నాక ఎవరు వరసగా ఎన్ని రోజులు పని చేయాల్సి వస్తుందో కాగితం మీద లెక్క వేసి చూసేవాళ్లు తక్కువ. ఒకసారి వేసి చూద్దాం.

ఆరుగురు స్టాఫ్ ఉన్న షాపు అనుకోండి. వారంలో ఏడు రోజులూ తెరిచే ఉంటుంది, ఒక్కొక్కరికి ఒక వీక్లీ ఆఫ్. అంటే ఆరుగురు, ఆరేసి రోజులు, మొత్తం 36 షిఫ్టులు చేతిలో ఉన్నట్టు. శని, ఆదివారాలు అందరూ కావాలి, బుధవారం కూడా అందరూ ఉంటారు. సోమవారం ఇద్దరికి ఆఫ్, మంగళవారం ఇద్దరికి, గురువారం ఒకరికి, శుక్రవారం ఒకరికి. ఉదయం షిఫ్ట్ తొమ్మిదిన్నర నుంచి అయిదున్నర, సాయంత్రం షిఫ్ట్ ఒకటిన్నర నుంచి తొమ్మిదిన్నర. మధ్యలో నాలుగు గంటలు రెండు షిఫ్టులూ కలుస్తాయి, భోజనాలూ సరుకు సర్దడమూ ఆ టైంలోనే అయిపోవాలి. మామూలు వారాల్లో ఇది బాగానే నడుస్తుంది.

ఇప్పుడు పండగ గురువారం వచ్చింది, ఆ రోజు షాపు మూసేస్తారు. అసలు రద్దీ దాని ముందు శనివారం నుంచి బుధవారం దాకా. ఆఫ్‌లన్నీ పండగ తర్వాతకు నెట్టేస్తే ఏమవుతుందంటే, ముందు వారం సోమవారం ఆఫ్ తీసుకున్న మనిషి మంగళవారం పనిలోకి వచ్చి మళ్లీ పండగ రోజు దాకా ఇంట్లో ఉండడు, అంటే వరసగా తొమ్మిది రోజులు. మంగళవారం ఆఫ్ వాళ్లకు ఎనిమిది. శుక్రవారం ఆఫ్ ఉన్నవాడికి మాత్రం అయిదే. అందరికీ ఒకే రూల్ పెట్టామని ఓనర్ అనుకుంటాడు గానీ భారమంతా వారం మొదట్లో ఆఫ్ ఉన్న నలుగురి మీదే పడుతుంది. ఏడో రోజో ఎనిమిదో రోజో, అంటే సరిగ్గా రద్దీ నెత్తిన కూర్చున్నప్పుడు, "జ్వరంగా ఉంది, రాలేను" అని ఫోన్ వస్తుంది. అది నిజం జ్వరమే కావచ్చు కూడా.

అందుకే ఆఫ్‌ను వెనక్కి తోసే బదులు ముందుకు లాగాలి. సోమవారం ఆఫ్ వాళ్లిద్దరూ ముందు వారం సోమవారం ఎప్పట్లాగే ఇంట్లో ఉంటారు. తర్వాత సోమవారం రావాల్సిన ఆఫ్‌ను అడ్వాన్సుగా ఒకరికి ముందు వారం గురువారమే, ఇంకొకరికి శుక్రవారమే ఇచ్చేస్తాం. మంగళవారం ఆఫ్ ఇద్దరికీ రద్దీ వారంలో మంగళవారం బదులు సోమవారం. గురువారం, శుక్రవారం వాళ్లవి ముందు వారం మారనే మారవు. ఇప్పుడు లెక్క వేయండి, ఎవరికీ వరసగా ఆరు రోజులకు మించి రాదు. పండగకు ముందు రెండు రోజులూ ఆరుగురూ షాపులోనే ఉంటారు. ఇందుకు మీరు ఒప్పుకోవాల్సింది ఒక్కటే, రద్దీ వారం సోమవారం నలుగురితో నడపాలి, ముందు వారం గురు, శుక్రవారాలు కూడా నలుగురే. ఇలా ఏడు రోజుల్లో కనీసం 24 గంటలు విశ్రాంతి ఉండాలని వ్యాపార సంస్థల ఉద్యోగుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1957లోనే ఒక ఒప్పందం చేసింది. మీ దగ్గరి చట్టం ఇంకా ఎక్కువే అడగొచ్చు, అది చూసుకోండి.

ఆ సోమవారం కోసం తాత్కాలికంగా ఇద్దరిని పెట్టుకుంటారు కదా, వాళ్లను సోమవారం పొద్దున్నే దింపితే ఉపయోగం లేదు, ఏది ఎక్కడుందో అడగడానికే ఉన్న నలుగురి టైం తింటారు. ముందు వారం బుధవారం ఆరుగురూ ఉంటారు, షాపు కూడా కాస్త ఖాళీగా ఉంటుంది, నేర్పడానికి అదే రోజు. బిల్లింగ్ మాత్రం వాళ్లకు ఇవ్వకండి. సరుకు తెచ్చివ్వడం, ప్యాకింగ్, విప్పి చూపించినవి మళ్లీ సర్దడం, ఇవి చాలు.

రోస్టర్‌లో పైకి కనిపించని గొడవ ఇంకోటి, రాత్రి మూసినవాళ్లే పొద్దున్న తెరవడం. మామూలు రోజుల్లో తొమ్మిదిన్నరకు మూసి మర్నాడు తొమ్మిదిన్నరకు వస్తే పన్నెండు గంటలు దొరుకుతాయి. రద్దీలో రాత్రి పదకొండు దాకా సాగి, పొద్దున్న ఎనిమిదిన్నరకే షట్టర్ ఎత్తితే మిగిలేది తొమ్మిదిన్నర గంటలు, అందులోనే ప్రయాణం, తిండి, నిద్ర. యూరప్‌లో 2003 నాటి పని గంటల నిబంధన ప్రకారం రోజుకు వరసగా 11 గంటల విశ్రాంతి ఉండాలి, మీ షాపుకూ అదే గీత పెట్టుకుంటే మంచిది. ఆ అయిదు రోజులూ ఉదయం వాళ్లను ఉదయమే, సాయంత్రం వాళ్లను సాయంత్రమే ఉంచండి. మార్చాల్సి వస్తే ఆఫ్ రోజు దగ్గర మార్చండి. ఆఫ్‌కు ముందు రోజు ఉదయం షిఫ్ట్, తిరిగి వచ్చే రోజు సాయంత్రం షిఫ్ట్ వేస్తే, అదే ఒక్క రోజు ఆఫ్‌లో మనిషికి 44 గంటలు దొరుకుతాయి. రివర్స్‌లో వేస్తే 36. మీకు దీనికి పైసా ఖర్చు లేదు, అయినా చాలామంది చూసుకోరు.

గల్లా లెక్క చూసి రాత్రి తాళం వేయగలిగినవాళ్లు ఇద్దరే ఉంటే, వాళ్లిద్దరి ఆఫ్‌లు ఒకే రోజు పడకుండా చూడండి. మనుషుల సంఖ్య సరిపోయినా ఆ రాత్రి షాపు మూయలేరు. నన్నడిగితే పండగకు నెల ముందే మూడో మనిషికి క్లోజింగ్ నేర్పేయాలి. రద్దీలో రాత్రి క్యాష్ తేడా రావడం మొదలైతే ముందు అనుమానించాల్సింది మనిషిని కాదు, ఆ వారం అతని షిఫ్టులను.

రోస్టర్ కనీసం రెండు వారాల ముందు గోడ మీద అంటించండి. మార్పిడులు ఉంటాయి, ఉండనివ్వండి, కానీ ఇద్దరూ ఆ కాగితం మీద సంతకం పెట్టేదాకా మార్పిడి జరగనట్టే అని ముందే చెప్పండి. ఫోన్‌లో "సరే అన్నా, నేను వస్తాలే" అన్న మాట మీద నడిస్తే, ఆ రోజు ఎవరూ రాకపోతే ఎవరినీ అడగలేరు. మార్పిడికి ఎప్పుడూ ఒకే మనిషి ఒప్పుకుంటున్నాడేమో కూడా చూడండి. తరచూ అది కొత్తగా చేరి కాదనలేని కుర్రాడే అయ్యుంటాడు. అతను ఒప్పుకున్నా, ఆరు రోజుల గీత దాటించే మార్పిడి అయితే మీరే వద్దనాలి.

ఇక గురువారం ఆఫ్ ఉన్న మనిషి సంగతి. పండగ సెలవు అందరికీ ఎక్స్‌ట్రాగా వచ్చింది, అతనికి మాత్రం ఎలాగూ ఉన్న ఆఫ్ అందులో కలిసిపోయింది. అతను నోరు తెరిచి అడగకపోవచ్చు, మనసులో మాత్రం పెట్టుకుంటాడు. మర్నాడు శుక్రవారం అతనికి ఆఫ్ రాసేయండి. శుక్రవారం ఆఫ్ ఉన్నవాడితో కలిపి ఇద్దరు లేకపోయినా నలుగురు ఉంటారు, మార్చుకోవడానికి వచ్చేవాళ్లే తప్ప ఆ రోజు పెద్దగా అమ్మకాలు ఉండవు. అప్పుడు ఆ రెండు వారాల్లో ఆరుగురికీ పండగ రోజుతో కలిపి సరిగ్గా మూడేసి సెలవులు వస్తాయి. ఆ లెక్కను రోస్టర్ కిందే పేరు పేరునా రాసి అంటించండి, ఎవరికి ఎక్కువ ఇచ్చారన్న గుసగుసలకు చోటుండదు.